గుడ్డు మాన్పించి నేను వడ్డించినవి

బస్సు నడిపేవాడికి ఎడమకాలు ఎంత ముఖ్యమో, మా తమ్ముడికి తొడలు పట్టేసేవరకు నేను ఆలోచించలేదు. వాడు బందరు డిపోలో డ్రైవరు. నేను ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. వివాహం చేసుకోలేదు. వాడి సంసారంలోనే ఉంటున్నాను. ఉంటున్నాననడం కంటే ఆ సంసారాన్ని నడుపుతున్నాననడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

రక్తపరీక్షలో వాడికి చెడ్డ కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉన్నదని తేలింది. మా నాన్నగారు గుండెపోటుతో పోయిన మనిషి. అందువల్ల డాక్టరమ్మ దానిని తేలికగా తీసుకోలేదు. మాత్ర మొదలుపెట్టారు. కొన్ని వారాలకు తొడలు రెండూ బరువెక్కి, క్లచ్ తొక్కిన ప్రతిసారీ వాడు పళ్లు బిగబట్టవలసి వచ్చింది. మోతాదు తగ్గించారు. నొప్పి పోయింది. కొలెస్ట్రాల్ మాత్రం దిగవలసినంత దిగలేదు.

"మూడు నెలలు భోజనం సరిచేసుకుని రండి. అప్పటికీ దిగకపోతే మోతాదు పెంచక తప్పదు," అన్నారు డాక్టరమ్మ.

బయటికి వచ్చాక తమ్ముడు మెట్ల మీదే ఆగిపోయాడు. "కాలు మళ్లీ అట్లా పట్టేస్తే నన్ను స్టీరింగ్ దగ్గరనించి లేపేసి డిపోలో కూర్చోబెడతారక్కయ్యా. ఆ కుర్చీలో నేను కూర్చోలేను."

"నీ కాలి సంగతి నువ్వు చూసుకో, నీ కంచం సంగతి నేను చూసుకుంటాను," అన్నాను. క్రమశిక్షణతో తీరని సమస్య ఉంటుందని నేను అప్పటికి నమ్మేదాన్ని కాదు.

మొట్టమొదట గుడ్లు ఆపించాను. వాడు ఉదయం డ్యూటీకి వెళ్లేముందు ఉడికించిన గుడ్లు రెండు, మిరియాల పొడి చల్లుకుని తినేవాడు. చిన్నప్పటినుంచీ వాడికి గుడ్డంటే ప్రాణం. కొలెస్ట్రాల్ అనగానే గుడ్డు అన్నది ఊరందరికీ తెలిసిన విషయమే గనుక, నేను ఎవరినీ అడగలేదు. సంచిలో మిగిలిన గుడ్లను పక్కింటివారికి పంపేశాను. పచ్చసొనే కాదు, తెల్లసొన కూడా ఇంట్లోకి రాకూడదన్నాను. తెల్లసొనలో కొలెస్ట్రాల్ అసలే ఉండదన్న సంగతి తెలిసి ఉంటే ఆ ముక్క అనేదాన్ని కాదు. తెలియకుండానే, తెలిసినదానికంటే గట్టిగా అన్నాను.

"వదినగారూ, పొద్దున్నే ఏం పెట్టమంటారు మరి?" అని మరదలు అడిగింది.

"బలం తగ్గకుండా చూద్దాం," అన్నాను.

ఆ బలమే నా పొరపాటు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చాక మా ఇంట్లో వేటమాంసం, అంటే మేకమాంసం, వండడం అలవాటు. గుడ్డు మానినందుకు పరిహారంగా దానిని బుధవారానికి కూడా పొడిగించాను. కొవ్వు లేని ముక్క రుచించదని, ఎముకలతోబాటు తెల్లటి కొవ్వు కొంత వేయమని కొట్టులో నేనే చెప్పేదాన్ని. కొట్టు నుంచి వచ్చే కోడిని మాత్రం అనుమానించాను. అది మందులతో పెంచిన కోడి కదా అని. దానికి బదులు మరదలి పుట్టింటివాళ్లు నాగాయలంక దగ్గర పెంచే నాటుకోళ్లను తెప్పించాను. తమ్ముడే తన బస్సులో తెచ్చేవాడు. పెరట్లో తిరిగే కోడికి కొవ్వెక్కడిది అన్నది నా సిద్ధాంతం.

మా వైపు నాటుకోడికి తోలు తీయరు. ఈకలు పీకి, మంటమీద కాల్చి, పసుపు రాసి కడిగి, తోలుతోనే ముక్కలు కొడతారు. ఆ కాల్చిన తోలు వాసన లేకపోతే దానిని నాటుకోడి కూర అనరు. గుడ్లు పెట్టడం మానిన పాత పెట్ట అయితే కడుపులో పసుపుపచ్చని కొవ్వు ముద్ద కూడా ఉంటుంది. దానిని పారేయకుండా మూకుట్లో కరిగించి, అందులోనే ఉల్లిపాయలు వేయించేదాన్ని. కూర దించాక పైన బంగారు రంగు నూనె తేలేది. ఆ నూనెను గరిటెతో తీసి తమ్ముడి అన్నంమీద పోసింది నేనే. మరదలు పోయబోతే, నీకు కొలత తెలియదని గరిటె తీసుకున్నాను.

వాడు తలవంచుకుని తిన్నాడు. ఒక్కసారి మాత్రం, "అక్కయ్యా, ఇదంతా నాకు పనికొస్తుందంటావా?" అని అడిగాడు.

"నీకంటే నాకు ఎక్కువ తెలుసు," అన్నాను.

రెండు నెలలు గడిచాక ఆగలేక ముందే పరీక్ష చేయించాను. అంకె తగ్గకపోగా కాస్త పెరిగింది. కాగితం చూసిన క్షణంలో నా మనసు వెళ్లిన చోటు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా వంట వైపు అది వెళ్లలేదు. అవనిగడ్డ బస్టాండు వైపు వెళ్లింది. అక్కడ మధ్యాహ్నం వాడి బస్సు అరగంట ఆగుతుంది. ఎదురుగా ఎగ్ బోండాల బండి ఉన్నది. ఇంట్లో నా కళ్లముందు మానినవాడు అక్కడ తింటున్నాడని నిశ్చయించుకున్నాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ముందు బస్సెక్కి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డలో దిగి, బస్టాండులో స్తంభం చాటు బెంచీమీద కూర్చున్నాను. వాడి బస్సు వచ్చింది. ప్రయాణికులు దిగారు. తమ్ముడు నేను సర్ది పంపిన క్యారేజీ పట్టుకుని నీడలోకి వచ్చాడు. కండక్టరు బండి దగ్గరకు వెళ్లి, ఆకులో వేడి బోండాలు పెట్టించుకుని వచ్చి, చిల్లర లెక్క సరిచూసుకోవాలని ఆ ఆకు తమ్ముడి చేతిలో పెట్టాడు.

"పట్టుకో బావా. పట్టుకోమన్నాను, తినమన్లేదు. మీ అక్కగారు ఇక్కడ కూడా మనిషిని పెట్టే ఉంటారు," అని కండక్టరు నవ్వాడు.

ఆ మాటలు నాకు వినిపించాయి. విన్నాక కూడా ఆగలేదు. లేచి ఎదురుగా నిలబడ్డాను.

"ఇదా నీ పథ్యం?"

తమ్ముడి ముఖం తెల్లబోయింది. "నావి కాదక్కయ్యా. వాడివి."

"ఇంటిదగ్గర ఒక నోరు, ఇక్కడ ఒక నోరా? కాలు పోతుందని ఏడ్చింది నువ్వే గదా?"

"మేడమ్ గారూ, బోండాలు నావేనండీ," అని కండక్టరు కంగారుగా ముందుకు వచ్చాడు. "బావ రెండు నెల్లనించీ ఒక్కటి ముట్టుకోలేదు. నేను బతిమాలినా తిన్లేదండీ."

"నువ్వు వెనకేసుకు రాకు," అన్నాను. చుట్టూ జనం చూస్తున్నారు. రోజూ వాడి బస్సెక్కే జనం. తమ్ముడు ఆకును కండక్టరు చేతికిచ్చి, క్యారేజీ తెరవకుండానే మళ్లీ బస్సెక్కి తన సీట్లో కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో నేను అదే బస్సులో, వాడి వెనక వరుసలో కూర్చున్నాను. బందరు వచ్చేదాకా వాడు వెనక్కి తిరగలేదు.

ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. నేనే ఫిర్యాదు మొదలుపెట్టాను. "బయట గుడ్లు తింటున్నాడండీ."

"తిన్లేదండీ," అన్నాడు తమ్ముడు, నేలచూపు చూస్తూ.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "సరే టీచరుగారూ. గుడ్డు మానేశారు. ఆ స్థానంలో ఏం పెట్టారు?"

వేటమాంసం చెప్పాను. నాటుకోడి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతులో గర్వమే ఉన్నది.

"కోడికి తోలు తీస్తారా?"

"తోలు తీస్తే అది నాటుకోడి ఎట్లా అవుతుందండీ?"

ఆమె నవ్వలేదు. కలం పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పారు. రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయం తయారుచేసేదేనట. తిండిలోని కొలెస్ట్రాల్ ప్రభావం ఉంటుంది గాని, చాలామందిలో శరీరం కొంతవరకు సర్దుకుంటుంది. అందరిలో ఒకేలా సర్దుకోదు. అసలు పెద్ద చిక్కు సంతృప్త కొవ్వుతో. రక్తంలో తిరిగే చెడ్డ కొలెస్ట్రాల్‌ను వెనక్కి లాగి శుభ్రం చేసే పని కూడా కాలేయానిదే. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ లాగే పని మందగిస్తుంది. సరుకు రోడ్డుమీదే ఆగిపోతుంది.

"పచ్చసొనలో కొలెస్ట్రాల్ ఎక్కువే. కాని సంతృప్త కొవ్వు అంత ఎక్కువుండదండీ. ఈయనలాంటివాళ్లు వారానికి మూడో నాలుగో తింటే చాలు, అంతకు మించొద్దంటాను. తెల్లసొనకు అడ్డే లేదు. మీరు పెట్టిన వేటకొవ్వు, అట్లాగే నెయ్యి, డాల్డా... చల్లారితే గడ్డకడతాయి చూడండి, అవే జాగ్రత్తపడాల్సినవి."

"కోడి కొవ్వు గడ్డకట్టదు గదండీ," అన్నాను. ఇంకా వాదిస్తున్నాను.

"అంత గట్టిగా కట్టదు. అందులో మంచి రకం కొవ్వు కూడా ఉంటుంది. కాని మూడోవంతు దాకా సంతృప్తమే. పైగా తోలు కిందే అంతా పేరుకుంటుంది. తోలుతో వండితే అది కూరలోకి దిగుతుంది. తర్వాత తోలు పక్కన పెట్టి పులుసు పోసుకుంటే లాభమేముంది?"

తేలిన నూనె, గరిటె, వాడి అన్నం, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్లముందుకు వచ్చాయి.

"తోలు తీసినంత మాత్రాన కోడిలో కొలెస్ట్రాల్ పోతుందని కూడా అనుకోకండి," అన్నారామె. "కండలోనూ ఉంటుంది. తగ్గేది కొవ్వు. వేటమాంసం మరీ మానలేకపోతే కొవ్వు తీసేయించి, ఎప్పుడైనా ఒకసారి, కాస్త. మిగతా రోజులు చేపలు, పప్పు, కూరగాయలు. మీది బందరు, చేపలకేం కొదవ?"

తమ్ముడు అప్పుడు తలెత్తాడు. నన్ను తప్పుపడతాడనుకున్నాను. "అక్కయ్యది తప్పు కాదండీ. నా మంచికే చేసింది," అన్నాడు. దానికంటే బస్టాండులో నేనన్న మాటలు వాడు నాకు తిరిగి అప్పగించి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ మోతాదు పెంచలేదు. ఇంకో మూడు నెలలు గడువిచ్చారు.

ఆ మూడు నెలలూ కోళ్లు పెరట్లోనే తోలు వలిపించుకుని వంటింట్లోకి వచ్చాయి. మొదటిసారి మరదలు, "ఇది కోడా, ఉడకబెట్టిన దూదా వదినగారూ?" అన్నది. నేను నవ్వలేకపోయాను. వేటమాంసం నెలకొకసారికి తగ్గింది. అదీ కొవ్వు కోయించి. కూర చల్లార్చి, పైన పేరుకున్నది తీసేసి, తిరిగి వేడిచేసేదాన్ని. రొయ్యలు పెట్టవచ్చో లేదో నాకు తెలియదని ఒప్పుకుని డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. నేను ఒకరిని అడిగి తెలుసుకోవడం చాలా కాలం తర్వాత జరిగిన సంగతి.

అంకె దిగింది. పూర్తిగా దిగలేదు. తిండి చేయగలిగింది కొంతేనని, అందులో వంశం వాటా కూడా ఉంటుందని చెప్పి, డాక్టరమ్మ పాత మాత్ర తగ్గించిన మోతాదులోనే ఉంచి, దానికి తోడు వేరే రకం మాత్ర ఒకటి ఇచ్చారు. దానితో తొడలు పట్టేయలేదు. తమ్ముడు ఈరోజుకూ అదే రూటులో బస్సు నడుపుతున్నాడు.

అవనిగడ్డ సంగతికి క్షమాపణ చెప్పాలని నేను చాలాసార్లు అనుకున్నాను. ఒక ఆదివారం వాడు బూట్లు పాలిష్ చేసుకుంటుండగా పక్కన కూర్చుని, "ఆ రోజు నలుగురిలో నేను అట్లా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"ఏ రోజు?" అన్నాడు, బ్రష్షు ఆపకుండా. ఏ రోజో వాడికి తెలుసు. "ఊరుకో అక్కయ్యా. ఆ రోజునించీ మావాడు బోండా కొంటే నాకు చూపించి, ఇన్‌స్పెక్షన్ అయిందా అని అడిగి తింటున్నాడు. మాకు అదో కాలక్షేపం."

తేలికగా మాట్లాడాడు. నేనూ తేలికపడి ఉండేదాన్ని. కాని మొన్న గుడివాడలో బంధువుల పెళ్లి జరిగింది. నేను వెళ్లలేదు. మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. వెనక వడ్డనల హడావుడి వినిపిస్తున్నది.

"అక్కయ్యా, బిర్యానీలో గుడ్డు పెట్టారు. ఈ వారం రెండే తిన్నాను. ఇది తినొచ్చా?"

"తిను," అన్నాను. మనవలున్న మనిషి, నిండు బస్సును నది మీదుగా తీసుకువెళ్లి తీసుకువచ్చే మనిషి, పెళ్లిపంక్తిలో చేయి కడుక్కుని కూర్చుని, తినడానికి నా అనుమతి అడిగాడు.