చదవగలిగిన ఒకే ఒక్క పేరు

శ్రీకూర్మానికి తూర్పున ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో లక్ష్మణమ్మ ఎండుచేపలు అమ్ముకొని జీవిస్తున్నది. ఆమె ఏకైక కుమారుడు వినోద్ గుజరాతు తీరంలో బోటు పనికి వెళ్లి, నిరుడు సముద్రంలో గల్లంతయ్యాడు. శరీరం దొరకలేదు. అతడు కొనిచ్చిన ఫోనులో, చివరిసారి మాట్లాడి పంపిన వాయిస్ మెసేజీ ఒక్కటే ఆమెకు మిగిలింది.

చూపు మందగించడంతో, ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకోవాలని ఆమె ఒక ఉదయం సెట్టింగులు తెరిచింది. దారి తప్పి భాషల పట్టిక వద్దకు చేరింది. ఫోను అద్దానికి ఒక చేప పొలుసు అంటుకొని ఉన్నది. అలవాటు ప్రకారం తడి కొంగుతో తుడిచింది. తెర ఒక్క క్షణం నల్లబడి, తిరిగి వెలిగింది.

అక్షరాలన్నీ మన అక్షరాలవలెనే గుండ్రంగా ఉన్నవి. ఒక్కటీ చదువుటకు రాలేదు. కళ్లు పూర్తిగా పోయాయని ఆమె భయపడింది. వాట్సాప్ తెరిచినప్పుడు, ఆ తెలియని వ్రాతల నడుమ ‘వినోద్’ అన్న పేరు మాత్రం స్పష్టంగా కనిపించింది. పోయింది చూపు కాదని, భాష అని అప్పుడు గ్రహించింది. అంతలో తెరపై రెండు మీటలతో ఒక పెట్టె ఎదుటికి వచ్చింది. ఏది నొక్కితే ఏది చెరిగిపోతుందో తెలియక, ఆమె ఫోనును బియ్యపు డబ్బాపై పెట్టి, ముట్టుకొనుట మానింది.

మరునాడు తీసుకువెళ్లి చూపగా, ఫోన్లు బాగుచేయు దుకాణదారుడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటి నొక్కీసినావప్పా? ఇదేటి బాసో నాకూ తెల్దు. మెమరీ కూడా నిండిపోనాది. మొత్తం సెరిపీసి కొత్తగా పెట్టీడమే.”

“మరి మావోడి మాట?”

“అదీ పోద్ది గదా!”

ఆమె ఫోను లాక్కొని బయటకు వచ్చింది.

సరిగ్గా అటువంటి ఫోను మరొకటి ఉన్నది. వినోద్ రెండింటిని కలిపి కొని, ఒకటి తల్లికి, ఒకటి భార్య హేమకు ఇచ్చాడు. అయితే పెదకర్మనాడు లక్ష్మణమ్మ ఊరందరి ఎదుట కోడలిని నిందించింది. హేమ ఆ రోజే పుట్టింటికి వెళ్లిపోయి, ఆమదాలవలసలో ఒక బట్టల దుకాణంలో పనికి చేరింది. అత్తాకోడళ్లకు అప్పటినుండి మాటలు లేవు.

లక్ష్మణమ్మ శ్రీకాకుళంలో బస్సు మారి అక్కడికి వెళ్లింది.

“ఏటిలాగొచ్చినావు?” అన్నది హేమ, చీర మడత పెడుతూనే.

“వాడి గొంతు సెరిపీస్తానంటన్నాడే ఫోన్ల కొట్టోడు.”

హేమ మడత ఆపింది. రెండు ఫోన్లను గల్లాబల్లపై పక్కపక్కన పెట్టింది. అత్త ఫోనులో అడ్డువచ్చిన పెట్టెను దానిలోని ఏ మీటా నొక్కకుండా, తెర అడుగున మధ్యలో ఉన్న గుండ్రని మీటతో వెనుకకు నెట్టింది.

“అక్షరాలు సూడకత్తా, బొమ్మలు సూడు. ఇదిగో పళ్లసక్రం. నా దాన్లోనూ అదే.”

రెండింటిలోనూ సెట్టింగులు తెరుచుకున్నవి. చివరి వరకు జరిపి, మూడు చుక్కలున్న బొమ్మను నొక్కింది. లోపల బొమ్మలు లేవు; తన ఫోనులో భాష అన్న వరుస పైనుండి రెండవది కనుక, దీనిలోనూ రెండవదే నొక్కింది. ఆపైన మొదటి వరుస. పట్టిక తెరుచుకున్నది. అందులో ప్రతి భాష పేరూ దాని స్వంత లిపిలోనే ఉన్నది.

“ఇక నాది ముట్టను, ముడితే ఇదీ మారిపోద్ది. నీ దాన్లో నువ్వే సూడు.”

లక్ష్మణమ్మ వేలు ఒక్కొక్క వరుసే కిందికి జరిగింది. తెలియని వ్రాతలు ఎన్నో దాటిన తరువాత ‘తెలుగు’ కనిపించింది. నొక్కింది. అక్షరాలన్నీ తిరిగి వచ్చినవి.

ఆ పెట్టె మరల వచ్చింది. ఫోనులో ఖాళీ లేదని, అంతే. ‘తర్వాత’ అన్న మీట నొక్కి, ఆత్రంలో ఎదుట ఎవరున్నారో మరచి, ఆమె మెసేజీని తాకింది.

“అమ్మా, రేపు ఏటకెల్తన్నాం. వారం దాకా సిగ్నలుండదు. హేమని ఏటీ అనకే. అదే పంపించిందనకు. గుజరాతు ఎల్లొద్దని అదేడ్సినాది, నేనే ఇన్నేదు. ఒచ్చీక మాటాడతాను.”

దుకాణంలో ఫ్యాను తిరుగుతున్నది.

“నీ కొడుకుని నేనే తోలీసినానన్నావు,” అన్నది హేమ. “అప్పటికి ఇదిన్నావా?”

“ఇన్నాను.”

“ఇనీసి అన్నావా!”

లక్ష్మణమ్మ తల ఎత్తలేదు. “వాణ్ణి అనలేకపోనానే. పోనోణ్ణి ఎలాగనీది?”

“నాకు పంపు.”

మెసేజీని మరొకరికి పంపే బాణం గుర్తు ఎక్కడ ఉన్నదో లక్ష్మణమ్మకు తెలుసు. అంతవరకు దానిని ఎన్నడూ నొక్కలేదు. ఇప్పుడు నొక్కింది. హేమ ఫోను చిన్నగా మోగింది. హేమ దానిని తీసి రవికలో పెట్టుకున్నది, వినలేదు. ఎవరో వచ్చి వాయిలు చీరలు అడుగగా, పీట ఎక్కి పై అరలో చేయి పెట్టింది.

“బస్సుకి టైమవతాది,” అన్నది వెనుకకు తిరుగకుండా. “ఎల్లు, అత్తా.”