రెండో దున్నపోతు

యుద్ధం రోజుల్లో నరసరావుపేట పత్తి మిల్లులో నాకు పని నేర్పిన అక్క దేన్నీ అసలు పేరుతో పిలిచేది కాదు. గింజ తీసే జిన్నుకు ఎంత పత్తి పెట్టినా చాలదని దాన్ని 'అత్తముండ' అనేది. మేస్త్రీ 'దున్నపోతు'. అతను వస్తుంటే ఆమె "దున్నపోతు!" అని కేకేసేది, మేం నవ్వాపుకుని తలలొంచుకునేవాళ్లం.

జిన్నుకు పక్కపక్కనే రెండు చక్రాలుంటాయి. జిన్నును తిప్పే తోలు పట్టాను కర్రతో రెండోదాని మీదికి నెడితే ఆ చక్రం వట్టిగా తిరుగుతుంది, జిన్ను ఆగిపోతుంది. పనిచెయ్యని ఆ చక్రాన్ని కూడా అక్క దున్నపోతే అంటుందని అప్పటికి నాకింకా తెలియదు.

నేను పనిలో చేరిన మూడోనాడు పత్తితోపాటు అక్క వేళ్లు జిన్నులో తోలు రోలరుకీ కత్తికీ మధ్యకి పోయాయి.

"దున్నపోతు! ఒసేయ్, దున్నపోతు!" అని అరిచింది.

కర్ర నా పక్కనే ఉంది. ఆ మోతలో మేస్త్రీ వస్తున్నాడనుకుని తల ఇంకా వంచాను. ఎవరో పరిగెత్తుకొచ్చి పట్టా నెట్టేసరికే ఆలస్యమైంది.

కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి. నేను చూడ్డానికి వెళితే, "రెండో దున్నపోతు సంగతి నీకు చెప్పలేదు గదే, తప్పు నాదే" అంది. తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండా మేస్త్రీ నన్ను అక్క జిన్ను దగ్గర నిలబడమన్నాడు. నేను కాదనలేదు.