మోకాలెత్తు ఫుట్‌పాత్

ధామన్‌కర్ నాకా చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ పని దగ్గరుండి చేయించింది నేనే. అప్పట్లో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌ని. ఫుట్‌పాత్ ఎక్కి తోలే స్కూటర్లవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే అంచును దాదాపు మోకాలెత్తు లేపించాను. ఎక్కడా వాలు వదలలేదు. పైగా మురిసిపోయాను.

వారం తిరక్కముందే, ఒక సాయంత్రం రోడ్డు అవతల మా బాపు, అంటే మా నాన్న, కనిపించాడు. ఫుట్‌పాత్ ఎక్కబోయి, కాలు లేవక, రోడ్డు మీదే నడవసాగాడు. వెనక నూలు బస్తాల టెంపో హారన్ కొడుతూ వస్తోంది. ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలో పనిచేసిన బాపుకు చెవులు సరిగా వినపడవు. గొంతు చించుకొని అరిచాను. ఆ అరుపు కూడా ఆయనకు అందదని అరిచాకే గుర్తొచ్చింది. టెంపో ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది.

పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. 

"గింత ఎత్తు ఎవడు కట్టిండు బిడ్డా? వాని ఇంట్ల ముసలోళ్లు లేరా?" అన్నాడు గట్టిగా.

"నేనే బాపూ," అన్నాను.

"ఏందీ?" అంటూ చెవి నా దగ్గరికి వంచాడు.

మళ్లీ చెప్పకుండా, చంకల కింద చేతులేసి ఆయన్ని ఆ అంచు మీదికి ఎక్కించాను.