‘నేను’ అన్న పిల్ల

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట మొదలైతే చిట్టమ్మ గొంతు జెట్టీ ఆ చివరిదాకా వినిపిస్తుంది. వంజరం చేపల గుట్ట మీద ఆమె ధర పాడితే పక్కవాళ్లు ఒకసారి ఆలోచించుకుంటారు. అక్కడ కొన్న చేపలు ఎండ ముదరకముందే గాజువాకలోని మా వీధిలో గంప దింపి అమ్ముతుంది. బేరంలో ఆమెను గెలిచినవాళ్లను ఇంతవరకు నేను చూడలేదు. అంత నోరున్న మనిషి ఇప్పుడు ఒక్కచోట మాత్రం నోరు విప్పదు. అది ఆమె కూతురి బడి.

కూతురు సత్యశ్రీ. పోయిన ఏడాది ఆరో తరగతిలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేర్చారు. తండ్రి తాతబాబు ఆటోనగర్‌లో వెల్డింగ్ పనిచేస్తాడు. ఒక్కగానొక్క పిల్ల అని ఇద్దరూ ఆశపడ్డారు. చేరిన కొన్నాళ్లకు ఆ పిల్ల ఇంట్లో ‘నాను’ అనడం మానేసి ‘నేను’ అనడం మొదలుపెట్టింది. ‘ఏటి’ పోయి ‘ఏమిటి’ వచ్చింది. చిట్టమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు.

“మా పిల్ల ఎలా మాటాడతందో సూడమ్మా, టీవీలో వార్తలు సదివినట్టు,” అని నా గుమ్మంలో మురిసిపోయింది. చుట్టాలొస్తే కూతుర్ని పిలిచి, “ఏదీ, నాను హార్బరుకెల్లి సేపలు తెస్తాను, అన్నది మీ బళ్లో ఎలా అంటారో సెప్పు,” అని చెప్పించేది. పిల్ల తలొంచుకుని చెప్పేది. ఎప్పుడైనా పొరపాటున ‘సేపలు’ అంటే చిట్టమ్మే దిద్దేది. “సేపలు కాదే, చేపలు.” ఆ ఒక్క మాటలో ‘చ’ పలకడానికి పాపం ఆవిడ ఎంత కష్టపడేదో నాకు తెలుసు.

మిగతావి కూడా కళ్ల ముందే ఉన్నాయి. పిల్ల స్నానాల గదిలోకి వెళితే ఒక పట్టాన బయటికి వచ్చేది కాదు. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది ఎర్రగా చేసుకునేది. అన్నం డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. అమ్మను గంపతో స్కూలు వైపు రావద్దంది. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి. ఎన్నాళ్లనాడో మానేసిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. శుభ్రత నేర్చిందనుకున్నారు, బడి తిండి అలవాటు కాలేదనుకున్నారు. పక్క తడిపినందుకు మాత్రం తిట్టారు. కడుపునొప్పికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నారు కూడా. దేవుడు ఏం చేస్తాడు, ఆయన కొండ మీద ఉంటాడు గానీ స్కూలు ఆటోలో ఉండడు కదా.

చివరికి ఒక సోమవారం పిల్ల గడప పట్టుకుని కదలలేదు. ఒళ్లంతా వణుకు, ఊపిరి అందడం లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పరీక్షలు చేయించి, “సెలవుల్లో కూడా నొప్పి వస్తుందా?” అని అడిగింది.

తల్లీ తండ్రీ వెనక్కి లెక్కేసుకున్నారు. దసరా సెలవుల్లో ఒక్కనాడు కూడా రాలేదు.

“పిల్ల నటించడం లేదు, నొప్పి నిజమే. భయం వల్ల వస్తోంది. బళ్లో ఏదో జరుగుతోంది. గద్దించి అడగొద్దు, ఏదైనా పని చేసుకుంటూ పక్కన కూర్చోండి. చెప్పినప్పుడు మధ్యలో అడ్డుపడకండి,” అందామె. మళ్లీ రమ్మని, కౌన్సెలర్ దగ్గరికి కూడా పంపింది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు మేడమీద ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. చిట్టమ్మ ఏమీ అడగలేదు. అడక్కుండా ఉండడానికి నాలుక కరుచుకుని కూర్చున్నానని నాతో చెప్పింది. చాలాసేపటికి పిల్లే మొదలుపెట్టింది.

“నా పేరు ‘సేప’ అమ్మా బళ్లో. ఆటోలో నేనెక్కితే ముక్కులు మూసుకుంటారు. డబ్బా తెరిస్తే దూరం జరుగుతారు. అన్నాల బెల్లులో చుట్టూ నిలబెట్టి, ‘నాను సేపలు తిన్నాను’ అనమంటారు. అన్నాక నవ్వుతారు.”

చిట్టమ్మ చేతిలో చీర కింద పెట్టేసింది. “నాకెందుకు సెప్పలేదే తల్లీ?”

“నువ్వు కూడా అందర్లో నిలబెట్టి చెప్పించేదానివి కదా,” అంది పిల్ల.

అందులో కోపం లేదు. ఉన్నమాట అన్నట్టు అని, తువ్వాలు మడతపెట్టుకుంది. అది చెబుతూ మా గుమ్మంలో చిట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “బయటోళ్లు ఒక పూట ఏడిపిత్తే, ఇంట్లో నాను రెండో పూట ఏడిపించానమ్మా,” అంది. ఊరుకో అని నేను అనలేదు. ఆమె అన్నది అబద్ధం కాదు మరి.

మర్నాడే ఆటో ఆపి ఆ పిల్లల్ని కడిగేద్దామనుకుంది. సత్యశ్రీ తల్లి కాళ్లు పట్టుకుంది, వద్దమ్మా, ఇంకా ఎక్కువ చేస్తారు అని. చిట్టమ్మ తగ్గింది. “ఆళ్ల జోలికెల్లను. టీచరుకి సెప్పకుండా మాత్రం ఉండను. ఏటి సెప్తానో ముందు నీకు సెప్పే ఎల్తాను,” అంది.

క్లాసు టీచరు ఫ్లోరా మొదట తేలిగ్గానే తీసుకుంది. “పిల్లలు సరదాగా అనుకుంటారమ్మా.”

“సరదా అయితే ఇద్దరూ నవ్వాల టీచరమ్మా. నా పిల్ల డబ్బా ఇప్పటం మానేసింది.”

ఫ్లోరా చేతిలో హాజరుపట్టీ మూసింది. “క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. బుద్ధిగా ఉంటోందనుకున్నాను,” అంది. పిల్ల భయాన్ని అక్కడ బుద్ధి అన్నారు, ఇంట్లో చదువు అన్నారు.

ఆ తర్వాత ఫ్లోరా పనిచేసింది, కాదనకూడదు. హెడ్మాస్టరుకు చెప్పింది. ఆ పిల్లల్ని ఒక్కొక్కరినే విడిగా పిలిచి మాట్లాడింది. సత్యశ్రీని వాళ్ల ఎదుట నిలబెట్టలేదు, అందరి ముందు క్షమాపణలు చెప్పించలేదు. వాళ్ల తల్లిదండ్రులను స్కూలే పిలిపించింది. అన్నాల వేళ వరండాలో ఒక టీచరు ఉండేలా చూసింది. ఆటోలో సత్యశ్రీ సీటు డ్రైవరు వెనక్కి మార్పించింది. బెదురు పుడితే ఎవర్నీ అడక్కుండా లేచి స్టాఫ్‌రూములో తన దగ్గరికి రావచ్చని పిల్లతో చెప్పింది. ప్రతి శుక్రవారం చిట్టమ్మకు ఫోన్ చేసేది. మధ్యలో ఒకసారి ఆ పిల్లలు మళ్లీ ఏడిపిస్తే, మళ్లీ మొదటినుంచీ మాట్లాడింది.

కడుపునొప్పి తగ్గింది. డబ్బా ఖాళీగా వస్తోంది. ఇంట్లో ‘నేను’ మాత్రం ‘నేను’గానే ఉండిపోయింది. చిట్టమ్మ ఇప్పుడు కావాలనే సేపలు, సేతులు, సెక్కర అంటూ తిరుగుతుంది, పిల్ల నోటివెంట ఒక్క ‘నాను’ రాలుతుందేమోనని.

“సేపలు కాదమ్మా, చేపలు,” అంటుంది సత్యశ్రీ, అచ్చం తల్లి దిద్దినట్టే.

మొన్న స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. పిల్ల రావద్దనలేదు, అదే గొప్ప. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, “నువ్వు రా అమ్మా. కానీ అక్కడ ఏం మాట్లాడకు,” అంది.

చిట్టమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. ఫ్లోరా టీచరు, “మీరేమైనా చెబుతారా?” అని అడిగితే తల అడ్డంగా ఊపింది. సత్యశ్రీ లేచి, తన లెక్కల మార్కుల గురించి తనే చెప్పింది, అందరికీ వినబడేలా.

“పిల్ల నోరిప్పింది, సాలమ్మా. నాను మూసుకుంటే ఏటి పోయింది,” అంది నాతో, కానాగంత చేపలు తూస్తూ. ఆ రోజు బేరం ఆడలేదు. నేను అడిగిన ధరకే ఇచ్చేసి గంప ఎత్తుకుంది.