బోర్లా చదివిన గుడ్డ

నేను సచిన్ అనే గుజరాతీ ఊరి దగ్గరి కాలేజీలో టెక్స్‌టైల్ డిప్లొమా చదివేటప్పుడు అందరికీ ఒకే తెల్ల గుడ్డ ముక్కలు చేసి ఇచ్చారు. సూదితో అడ్డంగా ఉండే పేక దారాలు ఒక్కొక్కటీ ఊడదీయాలి. దాని మీదుగా నిలువు దారం, అంటే పడుగు, పోతే గ్రాఫ్ కాగితంలో గడి నింపాలి, కిందుగా పోతే ఖాళీ వదలాలి. ఎవరి ముక్క వాళ్లే విప్పాలని, సార్ ఎదుట మళ్లీ విప్పి చూపించాలని షరతు.

వాళ్లమ్మకు ఆపరేషనై నా స్నేహితురాలు రెండు వారాలు కాలేజీకి రాలేదు. శనివారంలోగా ఆ గ్రాఫ్‌ల ఫైల్ ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వడోద్‌లో మా రెండిళ్లకూ ఒకటే గోడ. గురువారం పొద్దున వచ్చి, చూసి రాసుకుంటానని నా ఫైల్ అడిగింది.

"ఫైల్ ఇయ్యనే. ముక్క తీసుకొని రా, ఎట్ల చేయాల్నో చూపిస్త" అన్నాను. మొండిదాన్నని నాకు చిన్నప్పటి నుంచీ పేరుంది, అయినా ఆ మాట అనడం తేలిక కాలేదు. ఆమె మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. మంచిదాన్ని అనిపించుకోవడానికి దోస్తును ముంచుతున్నానా అని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది, ముభావంగానే. జవాబు నేనే చెప్పినట్టు కాకూడదని ఆమె ముక్క పక్కన పెట్టి, మా అన్న పాత జీన్స్ కాలు కత్తిరించి దాని మీద నేర్పడం మొదలుపెట్టాను. నాలుగు దారాలు విప్పానో లేదో నన్ను ఆపేసింది.

"ఏందే, లోపలి దిక్కు నుంచి చదువుతున్నవ్? నీలం బయటికి కదా కనబడాలె?"

నిజమే. ముందువైపు పడుగే ఎక్కువ తేలే ఇలాంటి గుడ్డను, ఒకేసారి ఎక్కువ పడుగు దారాలు లేపే బరువు తగ్గాలని సాంచె అనే మరమగ్గం మీద బోర్లా నేస్తారు. సాంచె నడిపే నాన్న పక్కన నిలబడి పెరిగిన నాకు పైకి కనబడేది వెనకవైపే. దాన్నే ముందువైపు అనుకోవడం అలవాటైంది. వెంటనే నా ఫైల్ తీశాను. ఆ తెల్ల గుడ్డదీ ఇదే నేత, రంగు తేడా లేదు కాబట్టి తెలియలేదు; నింపాల్సిన గళ్లు ఖాళీగా, ఖాళీగా ఉండాల్సినవి నిండుగా, అన్నీ తిరగబడి ఉన్నాయి. ఇచ్చి ఉంటే ఇద్దరివీ ఒకే తప్పుతో సార్ బల్ల మీద పడేవి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం దాకా ఆమె తన ముక్క విప్పింది, నేను గదికి అటు మూల కూర్చుని నాది మళ్లీ విప్పాను. ఒకరి కాగితం ఒకరం చూసుకోలేదు. మధ్యలో తనే లేచి చాయ్ పెట్టి, నా కప్పులో చక్కెర ఎక్కువేసింది. కోపం పోయిందని తెలిసింది.

శనివారం సార్ ఆమెను నిలబెట్టి, ఇదే ముందువైపని ఎలా చెప్పగలవని అడిగారు. ఈ వైపే పడుగు ఎక్కువ తేలుతుందని ఆమె దారం లాగి చూపిస్తూ గుజరాతీలో గడగడా చెప్పేసింది. పక్కనే నిలబడ్డ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన పనే పడలేదు. హమ్మయ్య అనుకున్నాను.