పడుకోని పిల్ల, పడుకుని లేచే పిల్లాడు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు సరిగా నిద్రపోకపోవడంతో మా కోడలి ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. అప్పుడు రాజమండ్రిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అబ్బాయి బట్టల దుకాణంలో గుమాస్తా. దుకాణం కట్టేసి ఇంటికొచ్చేసరికి పది దాటేది. కోడలు ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది. మనవరాలికి నాలుగేళ్ళు, మనవడికి పదకొండో నెల.

క్వార్టర్లీ పరీక్షల రోజున కోడలు హాల్లో కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. పిల్లలు ఒకరి పేపరు ఒకరు చూసి రాసుకున్నారు. స్కూలు కరస్పాండెంటు ఎదురుగా వచ్చి నిలబడినా మెలకువ రాలేదట. "ఇంకోసారి ఇలా అయితే పదో తరగతి మీకు ఇవ్వలేనండి మేడం" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

తప్పు ఆవిడదేనని నా నమ్మకం. పిల్లల్ని గారం చేసి చెడగొట్టిందనుకునేదాన్ని. నేను నలుగుర్ని పెంచాను, దీపం ఆర్పితే ఒక్కళ్ళూ కిక్కురుమనేవారు కాదు.

పిల్లాడికి చీర ఉయ్యాల కట్టాం. పగలు ఉయ్యాల తాడు నా కాలి బొటనవేలికి కట్టుకుని, కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఊపేదాన్ని. చేతులు ఖాళీగా ఉంటాయి, పని సాగుతుంది. రాత్రి ఆ తాడు కోడలి చేతిలో ఉండేది. ఊపినంతసేపూ వాడు హాయిగా పడుకునేవాడు. ఉయ్యాల ఆగి గంటో గంటన్నరో కాగానే లేచి ఏడుపు. మళ్ళీ ఊపితేనే కన్ను మూసేవాడు. అలా రాత్రికి నాలుగైదు సార్లు.

పిల్లది వేరే రకం. ఎనిమిదింటికి పడుకోబెడితే పదింటి దాకా పక్క ఎక్కుతూ దిగుతూ ఉండేది. మంచినీళ్ళంటే ఇచ్చేదాన్ని కాదు. కథంటే కసిరేదాన్ని. నా దగ్గర ఏ మాట చెల్లుతుందో ఆ పిల్లే కనిపెట్టింది.

"మామ్మా, ఆంజనేయస్వామికి దండం పెట్టుకోలేదే."

"పెట్టుకుని రా."

వచ్చి పడుకునేది. కాసేపటికి మళ్ళీ లేచి కూర్చునేది.

"మామ్మా, అన్నవరం స్వామికి మర్చిపోయాను. కోపం వస్తుందేమో."

దేవుడి పేరు చెప్తే నేనెలా వద్దంటాను? పైగా ఇంత చిన్న పిల్లకి ఎంత భక్తో అని ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పుకునేదాన్ని. ఆ పిల్ల భక్తి ముగిసి నిద్రపోయే వేళకి పిల్లాడు మొదటిసారి లేచేవాడు. కోడలికి నిద్రపోయే వ్యవధే ఉండేది కాదు.

పక్కింటావిడ దగ్గు మందు ఒక చెంచా వేస్తే పడుకుంటాడంది. నేను వేసేద్దామన్నాను. కోడలు ఒప్పుకోలేదు. పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామని పట్టుబట్టింది. ఏడుపుకి కూడా డాక్టరేనా అని సణుక్కుంటూ వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ పిల్లాడి చెవులు, గొంతు చూసింది, బరువు తూచింది. జబ్బేమీ లేదంది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న ఇద్దరి గురించీ అడిగింది.

"పాప ఒకసారి నిద్రపోయాక రాత్రి లేస్తుందా అండి?"

"ఇల్లు కూలినా లేవదు" అన్నాను.

"బాబో?"

"నాలుగైదు సార్లండి. ఊపితేనే మళ్ళీ పడుకుంటాడు" అంది కోడలు.

"అయితే ఇద్దరిదీ ఒకటి కాదండి. నిద్రలో అందరికీ మధ్యమధ్య కాస్త మెలకువ వస్తుంది. మనం అటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తుండదు. బాబుకి ఊగుతూ నిద్రపోవడమే వచ్చు. మెలకువ వచ్చేసరికి ఉయ్యాల ఆగి ఉంటుంది. మామ్మగారూ, మీరు మంచం మీద పడుకుని వంటింటి గట్టు మీద లేస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోనండి."

"బాబూ అంతేనండి. వాడు మొండికేయడం లేదు. కళ్ళు బరువెక్కేదాకా ఊపండి, నిద్రపట్టకముందే పక్క మీద వెయ్యండి. మొదట్లో జో కొట్టండి, నాలుగు రోజులయ్యాక చెయ్యి మాత్రం వేసి ఉంచండి, ఆ తర్వాత పక్కన కూర్చుంటే చాలు. ఏడిస్తే వెంటనే ఎత్తుకోకండి, కాసేపు ఆగి వెళ్ళి ఒక మాట చెప్పి రండి. రోజురోజుకీ ఆ ఆగడం కొంచెం పెంచండి. రాత్రి లేచినా ఇదే పద్ధతి."

"మరి పిల్లదో? ఎనిమిదింటికి పడుకోబెడితే నీళ్ళనీ దండాలనీ పదింటి దాకా లేస్తూనే ఉంటుంది" అన్నాను.

"పాపకి నిద్రపోవడం వచ్చు, హద్దు లేదు అంతే. ఇప్పుడు పదింటికే కదండీ నిద్ర పడుతోంది, కొన్నాళ్ళు తొమ్మిదిన్నర దాకా ఆగి పడుకోబెట్టండి, తర్వాత మెల్లగా ఎనిమిదికి జరుపుకోవచ్చు. నీళ్ళూ దండాలూ అన్నీ పక్క ఎక్కకముందే, ఒక్కసారే. లేచి వస్తే తిట్టకండి, మాట్లాడకండి. చెయ్యి పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టండి. ఇంట్లో అందరిదీ ఒకే మాట ఉండాలి."

"దేవుడికి దండం పెడతానంటే వద్దని ఎలా అంటానండీ?"

"పాప మొక్కేది దేవుడికి కాదు మామ్మగారూ, మీకే."

కోడలు తల వంచుకుంది. నవ్విందో లేదో నాకు కనిపించలేదు. డాక్టరమ్మ మందూ టానిక్కూ ఏమీ రాయకుండా పంపించింది, ఫీజు దండగ అనుకున్నాను.

పిల్లదానితో మూడు రోజుల్లోనే ఫలితం కనబడింది. మొదటి రాత్రి పదకొండు సార్లు లేచి వచ్చింది, పదకొండు సార్లూ నోరు విప్పకుండా పడుకోబెట్టాను. మూడో రాత్రికి రెండుసార్లే వచ్చింది. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. చూశారా, గట్టిగా ఉంటే ఎవరైనా దారికొస్తారు అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ ఉండి కోడలు ఆలస్యంగా వస్తానంది. పిల్లాడిని పడుకోబెట్టడం నా వంతు అయింది. అప్పటికి మూడు రోజులుగా ఆవిడ వాణ్ణి జో కొట్టి పడుకోబెడుతోంది. ఈ బుజ్జగింపులన్నీ ఎందుకని, వాడు కళ్ళింతలేసి చేసుకుని చూస్తూ ఉండగానే పక్క మీద వేసి, మాట్లాడకుండా బయటికొచ్చి తలుపు వేశాను. ఏడ్చాడు. వెళ్ళలేదు. ఏడుపు ఎక్కువైంది. హద్దు హద్దే అనుకుని వంటింట్లో కూర్చున్నాను. ఏడ్చి ఏడ్చి పాలు కక్కుకున్నాడు. అదే సమయానికి కోడలు వచ్చింది.

చెప్పులతోనే లోపలికెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. వాడు వెక్కుతూ ఆవిడ జాకెట్టు పట్టుకుని వదల్లేదు.

"పాపకి చెప్పింది బాబుకి చేశారా అత్తయ్యగారూ?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ రాత్రి పక్క చూస్తేనే వాడు కేకలు పెట్టాడు. ఉయ్యాలలోనూ ఉండలేదు. తెల్లారేదాకా ఆవిడ గోడకి చేరబడి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు. పొద్దున్న స్నానం చేసి, కొంచెం కాఫీ తాగి స్కూలుకెళ్ళింది. రెండో పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేసిందట.

కరస్పాండెంటు ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. పదో తరగతి తీసేసుకుని ఒకటో తరగతి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నేను ఉయ్యాల చీర విప్పి ఉతికి మడతపెట్టాను. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాం. డాక్టరమ్మ చెప్పినవి కోడలి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. ఒళ్ళో ఊపి, వాడి కళ్ళు మూతపడబోతుంటే పక్క మీద వేసి, గొంతు వినిపించేంత దగ్గరలో కూర్చునేదాన్ని. భయం పోవడానికే పది రోజులు పట్టింది. మూడు వారాలు దాటాక ఒక రాత్రి వాడు కదిలాడు, మూలిగాడు, కళ్ళు తెరిచి చీకట్లో కాసేపు చూశాడు. నేను చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాను. వాడే అటు తిరిగి పడుకున్నాడు.

కోడలు తెల్లవార్లూ నిద్రపోయింది. ఆరింటికి ఉలిక్కిపడి లేచి, ఏడుపు వినబడలేదేమిటని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఒకటో తరగతి పిల్లల పలకలు దిద్దడానికి టైమైందని గబగబా జడ వేసుకుంది. తప్పు నాదని ఆవిడతో నేను అనలేదు, ఆవిడా అడగలేదు. ఆ పదో తరగతి మళ్ళీ ఆవిడ చేతికి రాలేదు.