చెప్పిన పని చేస్తుంది

ఆసుపత్రి సామాను విభాగం సూపర్‌వైజరును అందరూ సర్దుబాటు సారు అనేవారు. ఇంట్లో అత్తాకోడళ్ల తగువులు మొదలుకొని ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ దాకా, ఎవరి మనసూ నొప్పించకుండా సర్దిపెట్టడంలోనే ఆయన జీవితం గడిచిపోయింది. మనిషి వెన్న. ఎవరు ఎటు నొక్కితే అటు జారేవాడు, అదే వచ్చిన చిక్కు.

ఆ విభాగానికి ఆయన కొత్త. ఒక మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి మెయిలు వచ్చింది. కింది అంతస్తులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒకావిడ పేరు, పక్కన ‘పనితీరుపై అభిప్రాయం సాయంత్రానికి పంపండి’ అన్న ఒక్క ముక్క. ఆవిడను పర్మనెంటు చేయాలా వద్దా అన్నది దాన్ని చూసే తేలుస్తారు. కానీ ఆవిడ హోదా ఏమిటో లేదు, ఏడాదిలో ఏం సాధించిందో లేదు, రేటింగు ఎంతకో లేదు. పాత సూపర్‌వైజరు రిటైరయ్యాక ఫోనెత్తడమే మానేశాడు.

హెచ్ఆర్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

“ఈవిడ చేసే పనేంటమ్మా?”

“అది మీరే కదండీ రాయాలి.”

“పోనీ, రేటింగు అయిదుకా, పదికా?”

“ఆ ఫార్మాట్ ఇంకా రాలేదండీ. నాలుగు మంచి మాటలు రాసి పంపండి, మిగతాది కమిటీ చూసుకుంటుంది.”

వివరాలు లేవని, గడువు కావాలని తిరిగి రాయొచ్చు. మెట్లు దిగి ఆవిడనే అడగొచ్చు. రెండూ ఆయనకు తట్టాయి. హెచ్ఆర్‌ను ఇబ్బంది పెట్టడమెందుకు, తన పనేమిటో సారుకే తెలియదని ఆవిడ చిన్నబుచ్చుకోవడమెందుకు అనుకున్నాడు. నిజాయితీపరురాలు, నలుగురితో కలిసిపోతుంది, చెప్పిన పని చేస్తుంది అని రాసి పంపేసి, తృప్తిగా టీ తాగాడు.

పర్మనెంటు ఖాళీ ఒక్కటే. దానికి పోటీలో ఉన్న ఇంకో విభాగం మనిషి చేసిన పనులను అక్కడి సూపర్‌వైజరు విడివిడిగా రాశాడు. ఈవిడ గురించి చెప్పుకోవడానికి కమిటీకి మంచితనం తప్ప ఏమీ దొరకలేదు. ఉద్యోగం అతనికి వెళ్లింది.

ఆ కబురు విన్నాక గానీ ఆయన మెట్లు దిగలేదు. కింది గది అరల నిండా రోగులు మరిచిపోయిన కళ్లద్దాలు, పళ్లసెట్లు, చెవిమిషన్లు. ప్రతిదానికీ కవరు, కవరు మీద మంచం నంబరు, ఇంటి ఫోను నంబరు. ఆవిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

“తాతగారి పళ్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయండీ. వచ్చి తీసుకెళ్లండి, అప్పటిదాకా తినడానికి గట్టివేం పెట్టకండి.”

ఫోన్ పెట్టేశాక ఆయన అడిగాడు. “ఇదంతా ఎవరు చెయ్యమన్నారమ్మా?”

“ఎవరూ చెప్పలేదు సార్. ఇదివరకు చెత్తలో పడేసేవాళ్లు. చూడలేక మొదలుపెట్టాను.”

చెప్పిన పని చేస్తుందన్న తన రాత గుర్తొచ్చి ఆయనకు తల కొట్టేసినట్టయింది. తను ఎవరినీ నొప్పించలేదనుకున్నాడు. ఈవిడ నోటి దగ్గర కూడు తీసేశాడు.

“తప్పు నాదేనమ్మా, నీ పనేమిటో తెలుసుకోకుండానే అభిప్రాయం రాసి పంపేశాను. హెచ్ఆర్‌ను అడిగాను. ఇప్పుడు రాసినా వచ్చే ఏడాది రివ్యూకే వెళ్తుందట. అయినా రాస్తాను, అన్నీ చెప్పు.”

“ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతోంది సార్.”

ఆవిడే ఒక స్టూలు ఆయన వైపు జరిపింది.

“ఆరోజే దిగొస్తే చెప్పేదాన్ని కదా సార్. సరేలెండి, కూర్చోండి. నేను వెళ్లాక వచ్చేవాళ్లకి మీరే నేర్పాలి కదా.”

ఆయన కూర్చున్నాడు. ఆరోజు ఫోన్లో వేరొకరిని అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆవిడనే అడిగాడు.

“నువ్వు చేసే పనేంటమ్మా?”